అనంతగిరి ఘాట్‌లో 28 పళ్ళు, 34 పళ్ళు

విజయనగరం నుంచి అనంతగిరి దాకా రోడ్డు సైకిళ్ళ మీద వెళ్ళొద్దామని మా బావా నేనూ చలికాలం మొదలవగానే అనుకున్నాం. బస్సులోనూ బండి మీదా చాలాసార్లు ఎక్కిన ఘాట్ రోడ్డే. కానీ బస్సులో కూర్చున్నప్పుడు ఎక్కడ 5 శాతం వాలు ఉందో, అంటే వంద మీటర్లకు ఐదు మీటర్లు పైకి పోతుందో, ఎక్కడ 8 శాతం ఉందో ఎవరూ పట్టించుకోరు. సైకిల్ మీద ఆ మూడు శాతం తేడాయే ఆ రోజంతా ఎలా గడుస్తుందో తేల్చేస్తుంది.

మా ఇద్దరి ఎత్తూ బరువూ దాదాపు ఒకటే. సైకిళ్ళు కూడా ఇంచుమించు ఒకే రకం. ముందు, పెడల్ దగ్గర, 50, 34 పళ్ళ చైన్‌రింగులు ఇద్దరికీ ఉన్నాయి. తేడా అంతా వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తి, క్యాసెట్‌లోనే. బావ క్యాసెట్‌లో అతి పెద్ద చక్రానికి 28 పళ్ళు, నాదానికి 34. ఈ యాత్ర గురించి రాయాలనిపించింది ఆ ఆరు పళ్ళ కోసమే.

తెల్లవారకముందే గంటస్తంభం దగ్గర కలుసుకుని గంట్యాడ మీదుగా ఎస్.కోట వైపు బయల్దేరాం. మంచు, పొలాలు, అక్కడక్కడా పాల క్యాన్ల బళ్ళు. ఆ దారంతా దాదాపు చదునే కాబట్టి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ముందు 50, వెనక 21 మీద నిమిషానికి 80 చుట్లకు పైనే తొక్కుతూ మాట్లాడుకుంటూ వెళ్ళాం. ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం. నూనె తగిలే పూరీ జోలికి పోలేదు. ముందున్నది రెండు గంటలకు పైగా ఆగకుండా ఎక్కే పని. బొడ్డవర దాటాక కొండలు దగ్గరపడ్డాయి. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఈ కొండల్లోంచే పైకి పోతుంది. రైలు సొరంగాలు తవ్వించుకుని నెమ్మదిగా ఎక్కుతుంటే, రోడ్డు మాత్రం మలుపులు తిరిగి ఎక్కుతుంది.

ఇక్కడ లెక్క ఒక్కసారి చెప్పుకోవాలి. గేర్ నిష్పత్తి అంటే ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించగా వచ్చేదే. మా టైరు ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. ముందు 34, వెనక 34 అయితే పెడల్ ఒక్కసారి తిప్పితే చక్రం కూడా ఒక్కసారే తిరుగుతుంది, 2.1 మీటర్లు ముందుకు పోతాం. వెనక 28 అయితే నిష్పత్తి 1.21, అంటే పెడల్ చుట్టుకు 2.55 మీటర్లు. ఆ ఆరు పళ్ళు చుట్టుకు 45 సెంటీమీటర్ల తేడా తెస్తాయి. చుట్టుకు ఎంత తక్కువ దూరం పోతే గేర్ అంత తేలిక.

వాలు మొదలయ్యే ముందే ముందు రింగు 50 నుంచి 34కి దించేశాం. ఇది చాలామంది చివరి క్షణం దాకా వాయిదా వేస్తారు. వాలు మీద కాలు గట్టిగా నొక్కుతూ దించితే బిగుసుకున్న చైన్ చిన్న రింగు మీదకు సరిగా దిగక లోపలికి జారి ఫ్రేమ్ మీద పడొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. 50 నుంచి 34కి దిగితే గేర్ ఒక్కసారిగా మూడో వంతు తేలికవుతుంది, కాళ్ళు గాలిలో తిరిగినట్టు అయిపోతాయి. అందుకే ముందు దించుతూనే వెనక రెండు చక్రాలు చిన్నదానివైపు వేసుకుంటే ఊపు తెగదు. ఆ అర సెకను పెడల్ మీద నొక్కుడు తగ్గించి, కాళ్ళు తిప్పుతూనే ఉండాలి. చైన్ టక్కుమనకుండా మెత్తగా దిగిందంటే సరిగా చేసినట్టే.

తైడ దాకా సైకిల్‌కు బిగించిన మీటరులో ఎక్కువసేపు 5, 6 శాతమే కనిపించింది. బావ 28 మీద, నేను ఒక చక్రం కింద 30 మీద పక్కపక్కనే ఎక్కాం. గంటకు 10 కిలోమీటర్లు. ఆ వాలులో బావ కాళ్ళు నిమిషానికి 65 చుట్లు, నావి 70. అక్కడ ఇద్దరిలో ఎవరికీ ఇబ్బంది లేదు. ఊపిరి తెగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నామా లేదా అని మధ్యమధ్య చూసుకున్నాం. నా దృష్టిలో గంటల తరబడి ఎక్కేటప్పుడు ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు.

వాలు 8 శాతానికి చేరాక పరిస్థితి మారింది. బావ భుజాలు అటూఇటూ ఊగడం మొదలైంది, ప్రతి తొక్కుడికీ హ్యాండిల్ లాగుతున్నాడు. అలా ఊగడం గేర్ బరువైందని చెప్పే మొదటి గుర్తు. "ఊపిరికేటి లేదు గానీ తొడలు లాగేస్తన్నాయిరా," అన్నాడు. ఆ ఒక్క మాటతోనే ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఊపిరి తెగిపోయి కాళ్ళు బాగానే ఉంటే వేగం తగ్గించాలి, అక్కడ గేర్ తప్పేమీ లేదు. ఊపిరి బాగుండి తొడలు మండుతుంటే తేలిక గేర్ కావాలి. బావకు అంతకంటే తేలిక గేర్ లేదు.

టీ తాగడానికి ఆగినప్పుడు, కాసేపు సైకిళ్ళు మార్చుకుందామని నేనే అడిగాను. సీటు ఎత్తులు సరిపోయాయి. అలాంటి వాలులోనే, గంటకు 8 కిలోమీటర్ల వేగం తగ్గకుండా, పెరగకుండా ఎక్కాం. మనిషీ సైకిలూ నీళ్ళూ కలిపి సుమారు 80 కిలోలు. 8 శాతం వాలు ఆ బరువులో 6.4 కిలోలను వెనక్కి లాగుతుంది. దానికి రోడ్డు రాపిడీ గాలీ కాస్త కలిపి, ఆ వేగంతో ఎక్కడానికి దాదాపు 150 వాట్లు కావాలి. ఏ గేర్ వేసినా ఈ 150 తగ్గదు. కొండ ఎత్తూ మన బరువూ వేగమే దాన్ని తేలుస్తాయి. బస్తా బియ్యం ఒకేసారి మేడ మీదకు మోసినా, సగం సగం చేసి రెండుసార్లు మోసినా పైకి చేరేది అదే బియ్యం. గేర్ చేసేది ఆ సగం చేయడమే.

నా సైకిల్ మీద ఆ వేగానికి నిమిషానికి 63 చుట్లు తొక్కాలి. బావ సైకిల్ మీద 52 చాలు. కానీ పెడల్‌ను పట్టి ఉంచే 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద నాకు సగటున 14 కిలోల నొక్కుడు సరిపోయే చోట, బావ సైకిల్ మీద 17 కిలోలు పట్టింది. ఇది సగటు మాత్రమే. పెడల్ ముందుకు వచ్చి కాలు పూర్తిగా దిగే క్షణంలో నొక్కుడు దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మూడు కిలోల తేడా ఒక్క తొక్కుడుకు ఏమీ కాదు. గంటకు మూడు వేలకు పైగా తొక్కులంటే మాత్రం కండ మరిచిపోదు. నొక్కుడు పెరిగేకొద్దీ, బలం ఎక్కువున్నా త్వరగా అలిసిపోయే కండపోగులను శరీరం పనిలోకి దించుతుంది. అవి కండలో దాచుకున్న ఇంధనం గ్లైకోజెన్‌ను వేగంగా ఖర్చు చేస్తాయి. ఆ నొక్కుడు మోకాలి చిప్ప మీదా పడుతుంది. ఎక్కిన మర్నాడు మోకాలికి ముందువైపు నొప్పి వస్తే, చాలాసార్లు కారణం ఇదే.

అయితే బావ సైకిల్ మీద ఒకటి గమనించాను. గుండె వేగం నా సైకిల్ మీద కంటే నిమిషానికి నాలుగైదు తక్కువే చూపించింది. ఇది వింతేమీ కాదు. కాళ్ళకూ బరువుంటుంది, వాటిని ఎక్కువసార్లు తిప్పడానికే కొంత ఆక్సిజన్ పోతుంది. కాబట్టి ఎంత వేగంగా తిప్పితే అంత మంచిదనే మాటను నేను ఒప్పుకోను. చదునులో 90 తిప్పేవాళ్ళు కొండ మీదా 90 తిప్పాలని పట్టుబడితే గుండే ఊపిరీ ముందు చేతులెత్తేస్తాయి. నెమ్మదిగా తొక్కితే భారం తొడల మీద పడుతుంది, వేగంగా తిప్పితే గుండె మీద. గుండె ఆ భారాన్ని ఎక్కువసేపు మోయగలదు, ఆగితే నిమిషాల్లో తేరుకుంటుంది. తొడ కండ ఖాళీ అయితే ఆ రోజుకు తిరిగి నిండదు. మాలాంటి మామూలు రైడర్లకు పొడవాటి ఎక్కుడులో 65 నుంచి 75 మధ్య చుట్లు కుదురుతాయని నా అనుభవం. సీటు మీద ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటే గేర్ మరీ తేలికైందని అర్థం.

ఇంకో తేడా నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడే తెలుస్తుంది. చదునులో సైకిల్‌కు ఊపు ఉంటుంది, కాళ్ళు నిలువుగా వచ్చే క్షణంలో నొక్కుడు తగ్గినా అదే మోసుకుపోతుంది. వాలు మీద 8 కిలోమీటర్ల వేగానికి ఆ ఊపు ఎక్కడిది? రెండు తొక్కుల మధ్యలో సైకిల్ కాస్త ఆగినట్టవుతుంది. 52 చుట్ల దగ్గర ప్రతి తొక్కూ మళ్ళీ మొదలుపెట్టినట్టే ఉంది. 63 దగ్గర ఆ ఖాళీ చిన్నదైపోయి, లాగుడు సాఫీగా అనిపించింది.

హెయిర్‌పిన్ మలుపుల గురించి కూడా చెప్పాలి. మనం ఎడమవైపు పోతాం కాబట్టి ఎడమ మలుపుల్లో లోపలి అంచు మన వాటాకు వస్తుంది. లోపలివైపు దారి పొట్టి, ఎక్కే ఎత్తు మాత్రం అంతే, అందుకే అక్కడ వాలు నిటారుగా ఉంటుంది. మలుపు కనబడగానే ఒక గేర్ తేలిక చేసుకుని, మన లేన్‌లోనే కాస్త మధ్యకు జరిగితే చాలు. ఎదురుగా బస్సులు దిగుతుంటాయి, కుడివైపుకు పోకూడదు. కుడి మలుపుల్లో బయటి అంచు మనదే, అక్కడ ఊపిరి తీసుకోవచ్చు.

అనంతగిరి చేరేసరికి ఎండ బాగా వచ్చింది. కాఫీ తోటల మధ్య చెట్ల నీడలో కూర్చుని కాఫీ తాగాం. బొంగులో చికెన్ పొగ దారి పొడవునా వస్తూనే ఉంది, దిగేటప్పుడు తిందామని బావను ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత గాలికొండ వైపు మరికాస్త ఎక్కాం. అక్కడ బావ కొన్నిచోట్ల లేచి నిలబడి తొక్కాడు. శరీరం బరువంతా పెడల్ మీద పడుతుంది కాబట్టి బరువు గేర్‌కు అదో ఉపాయమే. కానీ ఆ బరువును కాళ్ళూ చేతులే మోయాలి, గుండె వేగం వెంటనే పెరుగుతుంది. ఓ నిమిషం సేపు, కండలకు మార్పు ఇవ్వడానికైతే బాగుంటుంది. గంటసేపు ఎక్కడానికి పనికిరాదు.

తిరిగొచ్చాక బావ తన సైకిల్‌ను షాపుకు తీసుకెళ్ళాడు. చైన్‌ను ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే వెనక డిరైలర్‌లో చైన్‌ను బిగించి పట్టే కేజ్ పొట్టిది, 30 పళ్ళకు మించి తీసుకోదని మెకానిక్ చెప్పాడు. 30 పెడితే మా 8 శాతం వాలులో, అదే 8 కిలోమీటర్ల వేగానికి 52 కాస్తా 56 అవుతుంది. ఆ నాలుగు చుట్ల కోసం క్యాసెట్ కొనడం దండగ. 34 పెట్టాలంటే పొడవు కేజ్ డిరైలర్ కావాలి, చైన్ కూడా కొత్తది, పొడవైనది వేయాలి. పాత చైన్‌తోనే పెద్ద రింగు, పెద్ద చక్రం ఒకేసారి పడితే చైన్ చాలక డిరైలర్ విరిగే ప్రమాదం ఉంది. పైగా 11-28లో చిన్నవైపు 11, 12, 13, 14, 15 అని ఒక్కో పన్నే పెరుగుతుంటే, 11-34లో 11, 13, 15 అని గెంతుతుంది. చదునులో ఎదురుగాలికి సరిపోయే గేర్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. బావ రోజూ తొక్కేది భోగాపురం వైపు చదును రోడ్డు. అన్నీ విని, పొడవు కేజ్ డిరైలర్, కొత్త చైన్ వేయించుకుని, రెండు క్యాసెట్లూ ఉంచుకున్నాడు. కొండకు వెళ్ళే ముందు రోజు రాత్రి 34 ఉన్నది బిగించుకుంటాడు.