బయోడేటాలో నేను కొట్టేసిన వరుసలు

హన్మకొండ చౌరస్తా దగ్గరి జిరాక్స్ సెంటర్‌లో ఎప్పుడో టైపు చేయించిన బయోడేటానే ఉద్యోగాల సైట్‌లోని నా ప్రొఫైల్‌కు ఎక్కించాను. పుట్టిన తేదీ, మతం, ‘వివాహిత’ అన్న మాట, చివర ఏడాదికి 3.6 లక్షల జీతం, అన్నీ అందులో ఉన్నాయి. మొన్నటి ఇంటర్వ్యూలో పని గురించి రెండు ప్రశ్నలు, పిల్లల గురించి మూడు ప్రశ్నలు అడిగి, “మీ జీతం మీద ముప్పై శాతం పెంచుతామండీ” అన్నారు. అంటే 4.68 లక్షలు. అదే పోస్టుకు అక్కడ 6 లక్షలు ఇస్తున్నారని తరువాత నా స్నేహితురాలు చెప్పింది.

రాత్రే ఆ వరుసలన్నీ తీసేశాను, పదో తరగతి పాసైన ఏడాదితో సహా, ఎందుకంటే దానికి పదిహేను తగ్గిస్తే ఎవరికైనా నా వయసు తెలిసిపోతుంది. పుట్టిన తేదీ పీఎఫ్ ఫారానికి కావాలి, నిజమే. అది చేరిన రోజు ఇస్తాను. జీతం అడిగితే, “ఈ పోస్టుకు మీరు అనుకున్నది ఎంతండీ?” అని నేనే ముందు అడుగుతున్నాను.