యాప్‌లో రద్దు చేసినా ఆగని 499: కావలిలో నా అనుభవం

పిల్లోడి పాఠాల యాప్ చందాను మే 12న రద్దు చేశా. రద్దయిందని ఆకుపచ్చ టిక్కు కూడా పడింది. అయినా జూన్ 5న 499, జూలై 5న మళ్లీ 499 పోయాయి. యాప్‌లో మనం ఆపేది చందా మాత్రమే. నెలనెలా కోసుకోమని బ్యాంకుకు ఇచ్చిన అనుమతి, అదే మ్యాండేట్, అట్టనే బతికుంటుంది. కంపెనీ అడిగినంత కాలం బ్యాంకు ఇస్తానే ఉంటుంది. యాప్‌ను ఫోన్లోంచి తీసేసినా అంతే.

యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా చూస్తే ఖాళీ. అందులో ఉంటే రద్దు నొక్కి పిన్ కొడితే నిమిషంలో తీరిపోయేది. స్టేట్‌మెంట్ తీశాక అసలు సంగతి తెలిసింది. ఆ వరుస `ACH D-` అని మొదలైంది. అంటే యూపీఐ కాదు, నాచ్ మ్యాండేట్, బ్యాంకు ఖాతాలోంచే నేరుగా నెలనెలా కోసుకునే పద్ధతి. మొదట్లో డెబిట్ కార్డు వివరాలిచ్చి ఓటీపీ కొట్టింది దీనికే. మా బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో దాన్ని ఆపే దారి కనపడలేదు. బ్రాంచికి పోక తప్పలేదు.

కౌంటర్లో ఆయన స్టేట్‌మెంట్ వైపు చూడనైనా లేదు. "మాకేం సంబంధం? కంపెనీ వాళ్లనే అడగండి" అన్నాడు. నేను కదలకపోయేసరికి గొంతు పెంచి, "ఓకే నొక్కేటప్పుడే చూసుకోబళ్లేదా?" అన్నాడు. వెనక పింఛను కోసం నిలబడిన ముసలాళ్లంతా నవ్వారు. తల కొట్టేసినట్టయింది. ఖాతాదారుడు అడిగితే మ్యాండేట్ ఆపాల్సింది ఆ బ్యాంకే. కంపెనీ వాడి దయ అక్కర్లేదు.

రెండోసారి నోటితో అడగలా, కాగితంతో పోయినా. మ్యాండేట్ నమోదైనప్పుడు వచ్చిన మెయిల్ వెతికితే యూఎంఆర్ఎన్, అంటే ఆ మ్యాండేట్ నంబరు, దొరికింది. 20 అక్షరాలుంటుంది, ముందు నాలుగు మన బ్యాంకు గుర్తు. నాచ్ ఫారం పైన `CREATE`, `MODIFY`, `CANCEL` అని మూడు గళ్లుంటాయి. మూడో దాంట్లో టిక్కు పెట్టి, యూఎంఆర్ఎన్ రాసి, ఖాతా తెరిచినప్పటి సంతకమే చేశా. జెరాక్సు మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా కౌంటర్ వదల్లేదు. అది జూలై 24. తర్వాతి కోతకు ఇంకా పన్నెండు రోజులుంది. కోతకు ముందురోజు పోయి ఇస్తే ఆ నెల కోత అప్పటికే వాళ్ల వరుసలో పడిపోయి ఉండొచ్చు.

ఖాతా ఖాళీగా పెడితే సరి అని సలహా ఇచ్చేవాళ్ల మాట మాత్రం వినొద్దు. డబ్బు లేక కోత తిరిగిపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది. మా బ్యాంకులో 250, దానిమీద జీఎస్టీ కలిపి 295. పైగా మ్యాండేట్ చావదు, వచ్చే నెల మళ్లీ వస్తుంది.

ఈరోజు ఆగస్టు 5. పొద్దుటినుంచి మూడుసార్లు ఖాతా చూశా, 499 కదల్లేదు. పోయిన 998 కోసం కంపెనీకి మే 12 నాటి రద్దు మెయిల్ జతచేసి రాశా. ముద్ర వేసిన తర్వాత కూడా కోసుంటే అప్పుడు తప్పు బ్యాంకుది. రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు `cms.rbi.org.in` లో పెట్టేవాణ్ని. ఆ ముద్ర కాగితం ఇంకా బీరువాలోనే ఉంది.