గీత సరిగ్గానే వచ్చింది, పొటాషియం మాత్రం ఎక్కువ చూపింది: ఫ్లేమ్ ఫోటోమీటర్‌తో నా అనుభవం

చీరాల వైపు తీరానికి దగ్గరలో ఉన్న ఒక బోరు నీటిలో సోడియం, పొటాషియం కొలవవలసి వచ్చింది. మా ప్రయోగశాలలో ఉన్నది ఎల్‌పీజీ, గాలి మంటతో పనిచేసే పాత ఫ్లేమ్ ఫోటోమీటర్. సోడియంతో ఇబ్బంది కలగలేదు. నీటిని పది రెట్లు పలుచన చేసి 589 నానోమీటర్ల ఫిల్టర్‌తో చూస్తే లీటరుకు 280 మిల్లీగ్రాములని తేలింది. పొటాషియం తక్కువగా ఉంటుందని ముందే తెలుసు కాబట్టి ఆ నీటిని పలుచన చేయకుండానే మంటలోకి పంపాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ప్రామాణిక ద్రావణాలు శ్రద్ధగానే చేశాను. 110 డిగ్రీల వద్ద ఆరబెట్టిన పొటాషియం క్లోరైడ్ 1.907 గ్రాములను లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్న మూలద్రావణం వస్తుంది. దాని నుంచి 2, 4, 6, 8, 10 మిల్లీగ్రాముల ద్రావణాలు చేసి, గాజు నుంచి సోడియం కరిగి రాకుండా ప్లాస్టిక్ సీసాల్లో ఉంచాను. స్వేదన జలానికి రీడింగు సున్నా, పది మిల్లీగ్రాముల ద్రావణానికి వంద వచ్చేట్టు సరిచేసి గీసిన గ్రాఫు, అడుగున చిన్న వంపు మినహా, దాదాపు సరళరేఖగా వచ్చింది. ఆ గీత మీద నమూనా విలువ 5.0 అని చదివి, రిజిస్టర్‌లో రాసేశాను.

మరునాడు మా సీనియర్ కెమిస్టు ఆ పేజీ చూసి, "సోడియం ఇంత ఉంటే పొటాషియం స్టాండర్డులో ఉప్పు వేయలేదేమండీ? ఒకసారి స్పైక్ చేసి చూడండి" అన్నారు. అదే నీటికి లీటరుకు 4 మిల్లీగ్రాముల పొటాషియం చేర్చి మళ్లీ చూస్తే 9.4 వచ్చింది. అంటే నేను చేర్చిన 4 కాస్తా 4.4గా కనబడింది. స్వేదన జలంలో 4 చూపిన పొటాషియమే ఈ నీటిలో పదిశాతం ఎక్కువ కాంతి ఇస్తోందన్నమాట.

కారణం మంటలోనే ఉంది. మంట వేడికి పొటాషియం పరమాణువుల్లో కొన్ని ఎలక్ట్రాన్‌ను కోల్పోయి అయాన్లవుతాయి, అయాను 766.5 నానోమీటర్ల కాంతిని ఇవ్వదు. పొటాషియం ఎంత తక్కువగా ఉంటే అయాన్లయ్యే వాటా అంత పెరుగుతుంది, నా గ్రాఫు అడుగున కనబడిన వంపుకు మూలం అదే. నమూనాలోని సోడియం కూడా కొంత అయనీకరణం చెంది మంటలో ఎలక్ట్రాన్లను పెంచుతుంది, వాటితో కలిసి పొటాషియం అయాన్లు మళ్లీ పరమాణువులవుతాయి. కాబట్టి ఉప్పు లేని ప్రామాణికాలు తక్కువగా, ఉప్పు నిండిన నమూనా ఎక్కువగా వెలిగాయి. గీత ఎంత చక్కగా ఉన్నా అది తన ద్రావణాల గురించే చెబుతుంది, నా బోరు నీటి గురించి కాదు.

విరుగుడుగా, సులభంగా అయనీకరణం చెందే సీజియంను అన్ని ద్రావణాలకూ సమానంగా కలిపాను. సీజియం క్లోరైడ్ 12.67 గ్రాములు లీటరులో కరిగించి, 45 మిల్లీలీటర్ల నమూనాకు అందులోంచి 5 మిల్లీలీటర్లు చేర్చాను. ప్రామాణికాల్లోనూ, సున్నాకు వాడే పొటాషియం కలపని బ్లాంకులోనూ సీజియం గాఢత లీటరుకు అదే 1000 మిల్లీగ్రాములు ఉండేట్టు చూశాను. ఖరీదైన లవణమే కానీ బ్లాంకులో వేయకుండా ఆదా చేస్తే, ఆ లవణంలో ఉండే కొద్దిపాటి పొటాషియం నమూనా లెక్కలోకి వచ్చి పడుతుంది. పలుచన లెక్క వేశాక నమూనా 4.6 చూపింది, స్పైక్ 4.0గా తిరిగి వచ్చింది.

అయితే స్పైక్ సరిగ్గా వచ్చినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. అది గీత వాలును పరీక్షిస్తుందే తప్ప, గీత మొత్తంగా పైకి జరిగి ఉంటే పట్టించదు. అనుమానం తీరక, పొటాషియం ఏమీ కలపని 280 మిల్లీగ్రాముల సోడియం ద్రావణానికి అదే విధంగా సీజియం చేర్చి పొటాషియం ఫిల్టర్‌తో చూశాను. 0.3 చూపింది! ఉప్పులోనే పొటాషియం ఉందేమోనని సీసా మీది పరిమితి చూస్తే 0.01 శాతం అని ఉంది. ఆ ద్రావణంలో లీటరుకు ఉన్న ఉప్పు 712 మిల్లీగ్రాములు, దానివల్ల రాగలిగేది 0.07కు మించదు. మిగతాది చాలావరకు ఫిల్టర్ పూర్తిగా ఆపలేకపోతున్న సోడియం కాంతి అని నిర్ణయించుకున్నాను. సీజియం ఎంత వేసినా దీన్ని తగ్గించలేదు. ఆ 0.3 తీసివేస్తే 4.3 మిగిలింది.

రిజిస్టర్‌లోని 5.0 కొట్టివేసి, పక్కన సంతకంతో 4.3 రాశాను. ఆ వారమే వచ్చిన మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువుకు మాత్రం ఈ పాట్లు పడలేదు. దాన్ని వేల రెట్లు పలుచన చేస్తాం, సోడియం పేరుకే మిగులుతుంది, ప్రామాణికాలన్నిటిలాగే దానికీ సీజియం చేర్చితే చాలింది.