రెడ్ కర్రీ పేస్టులో రొయ్యలున్నాయా?

కర్నూలు, మంగళవారం

పొద్దున మా రెస్టారెంట్ మెయిల్ తెరిస్తే, సరుకుల బిల్లుల మధ్య ఒక చిన్న ఉత్తరం కనిపించింది. అనంతపురం నుంచి ఒకమ్మాయి రాసింది. ‘ఆదివారం రాత్రి నలుగురం మీ దగ్గరికి భోజనానికి వస్తున్నాం. నాకు రొయ్యలు, పీతలు పడవు. తింటే పెదాలు వాచి ఊపిరాడదు. మీ థాయ్ రెడ్ కర్రీ పేస్టులో రొయ్యలుంటాయా? పేస్టు మీరే నూరుతారా, డబ్బాలో కొంటారా? కొనేదైతే లేబుల్ ఫోటో పంపగలరా?’ అంతే.

నాకు ఆ ఉత్తరం చాలా నచ్చింది. ‘మీ తిండి నాకు పడుతుందా’ అని అడిగుంటే ఎవరైనా పడుతుందనే అంటారు. ఈ అమ్మాయి మాత్రం వెళ్లి చూస్తే గానీ జవాబు చెప్పలేని ప్రశ్న అడిగింది.

వంటింట్లోకి వెళ్లి మాస్టర్‌ను అడిగాను. “చికెన్ కర్రీనే కదన్నా, రొయ్య యాడుంది దాంట్లో?” అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు, కూరలో రొయ్య ముక్క ఒక్కటీ ఉండదు. కానీ థాయ్ పేస్టుల్లో ఎండుమిర్చి, వెల్లుల్లి, నిమ్మగడ్డితో పాటు రొయ్యల ముద్ద కలపడం మామూలే. చిన్న రొయ్యలకు ఉప్పు పట్టించి, పులియబెట్టి, నూరి చేస్తారు దాన్ని. కొబ్బరిపాలలో ఉడికాక ఆ వాసన మసాలాలో కలిసిపోతుంది, రుచి చూసి పట్టుకోవడం కష్టం.

ఫ్రిజ్‌లో పేస్టు స్టీలు డబ్బాలో ఉంది. దాని మీద ఏ రాతా లేదు. స్టోరులో సీలు తీయని డబ్బా దొరికింది. దాన్ని తిప్పి దిగుమతిదారు అంటించిన స్టిక్కర్ చదివాను. ముడిపదార్థాల వరసలో మిర్చి ముందుంది, రొయ్యల ముద్ద చివరికి దగ్గర్లో ఉంది. బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు కాబట్టి అది కొంచెమే అన్నమాట. కానీ పడనివాళ్లకు ఆ కొంచెం చాలు. కింద విడిగా ‘కంటెయిన్స్: క్రస్టేషియన్’ అనీ, మాంసాహారమని చెప్పే చదరంలో గోధుమరంగు త్రికోణమూ ఉన్నాయి. రొయ్యలు, పీతల జాతి ఉంటే అలా విడిగా చెప్పాలన్నది మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం.

“బాగా మరిగిస్తే పోదా అన్నా?” అని మాస్టర్ అడిగాడు. పోదు. రొయ్యల్లో ఎక్కువమందికి పడని ప్రోటీన్ పేరు ట్రోపోమయోసిన్. అది వేడికి తట్టుకుంటుంది, ఎంతసేపైనా సరే, మరిగించడాన్ని నమ్ముకోలేం. పులియబెట్టినంత మాత్రాన కూడా పోతుందనుకోకూడదు.

మా వెజ్ కర్రీకి పచ్చచుక్క ఉన్న వేరే పేస్టు వాడతాం, దాంట్లో రొయ్య లేదు. ‘అయితే వెజ్ తినండి’ అని రాసేద్దామనిపించింది గానీ పొయ్యి దగ్గర కాసేపు నిలబడి చూశాను. రొయ్యల ఫ్రైడ్ రైస్ దించిన కడాయిని నీళ్లు పోసి గరిటెతో ఒకసారి గీకి, మళ్లీ అదే పొయ్యి మీద పెట్టేస్తున్నారు. హడావుడిలో ఏ వంటింట్లోనైనా జరిగేది ఇదే. పచ్చచుక్క పేస్టు గురించి చెబుతుంది గానీ, కడాయి గురించి చెప్పదు కదా. ఇంకో సంగతి, లేబుల్ మీద అలా విడిగా చెప్పి తీరాల్సిన జాబితాలో ఆలిచిప్పలు లేవు. మేం నూడుల్స్‌లో వాడే, ఆలిచిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ సీసా మీద అలాంటి హెచ్చరిక కోసం వెతికి లాభం లేదు, దాని ముడిపదార్థాలే చదవాలి.

జవాబులో ఉన్నదున్నట్టు రాశాను. ‘రెడ్ కర్రీ పేస్టు కొంటాం, దాంట్లో రొయ్యల ముద్ద ఉంది, అది తినకండి. లేబుల్ ఫోటో జత చేశాను. వెజ్ పేస్టులో లేదు గానీ, రొయ్యలు వండే కడాయిలు, గరిటెలే దానికీ వాడతాం. నూడుల్స్‌లో ఆయిస్టర్ సాస్ వేస్తాం. ముందే చెబితే సబ్బుతో తోమిన విడి గిన్నెలో పప్పు, నాటుకోడి కూర చేయిస్తాం. ఆ వంటింట్లోనే రొయ్యలూ వండుతాం కాబట్టి, బొత్తిగా తగలదని మాత్రం హామీ ఇవ్వలేను.’

ఆ చివరి వాక్యం చూసి మా ఓనర్ “అట్లా రాస్తే వస్తారాప్పా?” అన్నారు. రాకపోయినా ఫర్వాలేదు సార్, అది తీసేయను అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరే పంపమన్నారు.

సాయంత్రానికి జవాబొచ్చింది. థాయ్ కూరలు వద్దు, పప్పూ నాటుకోడీ చాలట. మందు ఇంజెక్షన్ తన బ్యాగులోనే ఉంటుందని రాసింది. ఇంకో ప్రశ్న కూడా అడిగింది: అప్పడాలు ఏ నూనెలో వేయిస్తారు? మాస్టర్‌ను అడిగితే, రొయ్యల వేపుడూ అదే బాణలిలో అన్నాడు. ఆమెకు మటుకు మంట మీద కాల్చి పెడతానన్నాడు. అదే రాసి పంపాను.