చంటి అసలు పేరు

మా అన్నయ్య కొడుక్కి మా నాన్నగారి పేరే పెట్టారు, సుబ్రహ్మణ్యం అని. మరి మామగారి పేరు పెట్టి మా వదిన కొడుకుని కేకలేయగలదా? అందుకే వాడు మొదటినుంచీ చంటి. మన ఇళ్లలో చాలా ముద్దుపేర్లు ఇలా పెద్దల పేరు పలకలేకే పుట్టాయి.

ఇంకో రకం పేరులోంచే వస్తుంది. మొదటి ముక్క ఉంచి, హల్లు ఒత్తి, చివర ‘ఇ’ గానీ ‘ఉ’ గానీ తగిలిస్తాం: సుబ్బు, సత్తి. చనువుంటే పక్కన ‘గాడు’ కూడా.

స్పానిష్‌లో చాలా పేర్లకి ‘ఇతో’, ‘ఇతా’ చేరిస్తే చాలు. అలా అనా కాస్తా అనితా అవుతుంది (మనకేమో అది నిండు పేరే!). రష్యన్‌లో అలెగ్జాండర్ సాషా, అలెగ్జాండ్రా కూడా సాషానే. అక్కడివాళ్లకి సాషా అనగానే అసలు పేరు ఆ రెండిట్లో ఒకటని తెలిసిపోతుంది. మన చంటి, బుజ్జి, పండుల వెనక ఏ పేరైనా ఉండొచ్చు, అబ్బాయో అమ్మాయో కూడా చెప్పలేం. అందుకే పెళ్లి శుభలేఖల్లో అసలు పేరు పక్కన బ్రాకెట్లో ముద్దుపేరు వేయిస్తారు. లేకపోతే పెళ్లెవరిదో సగం చుట్టాలకి తెలియదు.