డెస్క్‌టాప్ సపోర్ట్ నుంచి సాక్ ఎల్1కి: నా అనుభవం

హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ సపోర్ట్ చేసేవాణ్ని. పాస్‌వర్డ్ రీసెట్లు, లాక్ అయిన అకౌంట్లు, ప్రింటర్లు, డొమైన్‌లోకి రాని లాప్‌టాప్‌లు. సైబర్ సెక్యూరిటీ అంటే హ్యాకింగే అనుకుని ఆ వైపు చూసేవాణ్ని. మా సీనియర్ ఒకాయన దారి మార్చారు. "అనుమతితో సిస్టమ్‌లను హ్యాక్ చేసి చూసే పెన్‌టెస్టింగ్‌లో ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువ. నువ్వు రోజూ చూసే సిస్టమ్ లాగులే సాక్‌లో చూస్తారు, అక్కడ మొదలుపెట్టు" అన్నారు. సాక్ అంటే కంపెనీ నెట్‌వర్క్‌లో వచ్చే అలర్ట్‌లను రాత్రింబవళ్లు గమనించే టీమ్. అందులో మొదటి మెట్టు ఎల్1 అనలిస్ట్.

ముందు నెట్‌వర్కింగ్ మళ్లీ చదివాను. డీఎన్‌ఎస్, టీసీపీ, పోర్టులు, ఫైర్‌వాల్ రూల్స్. తర్వాత కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికేషన్ పరీక్ష రాశాను. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 100 నుంచి 900 వరకున్న స్కేలులో 750 వస్తే పాస్. ప్రాక్టికల్ ప్రశ్నలు సాధారణంగా మొదట్లోనే వస్తాయి, వాటిని దాటేసి చివర్లో చేస్తే టైమ్ టెన్షన్ తగ్గుతుంది. మన దగ్గర ఉద్యోగ ప్రకటనల్లో సీఈహెచ్ అనే హ్యాకింగ్ సర్టిఫికేషన్ కూడా కనిపిస్తుంది, కానీ దాని ఖర్చు చూస్తే మొదటి ఉద్యోగానికి అది తప్పనిసరి అని నేననుకోను. సీఐఎస్‌ఎస్‌పీ పూర్తి సర్టిఫికేషన్‌కు సాధారణంగా ఐదేళ్ల అనుభవం కావాలి, కాబట్టి మొదట్లో దాని గురించి ఆలోచించక్కర్లేదు.

నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది మాత్రం ఇంట్లో పెట్టుకున్న ల్యాబ్. 16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఒక విండోస్ మెషీన్, దాని మీద దాడి చేసి చూడటానికి ఒక కాలీ లైనక్స్ పెట్టాను. లాగులను ఒకచోట చేర్చి వెతికే స్ప్లంక్‌కు ఉచిత లైసెన్స్ తీసుకున్నాను. రోజుకు 500 ఎంబీ వరకు అనుమతిస్తుంది, ఇంటి ల్యాబ్‌కు అది చాలు. కాలీ నుంచి నా విండోస్ మెషీన్ రిమోట్ డెస్క్‌టాప్ మీద పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టించి, లాగులో ఏం పడుతుందో చూశాను.

```
index=main EventCode=4625
| stats count by Source_Network_Address
```

4625 అంటే లాగిన్ ఫెయిల్ అయిందని. ఒకే ఐపీ నుంచి నిమిషాల వ్యవధిలో వందలు కనిపించాయి. అంతటితో ఆగకుండా ప్రతి ఈవెంట్‌లో Sub Status చూడాలి. 0xC0000064 ఉంటే ఆ యూజర్ పేరే లేదు, అంటే వచ్చినవాడు పేర్లు ఊహిస్తున్నాడు. 0xC000006A ఉంటే పేరు సరైనదే, పాస్‌వర్డ్ తప్పు. ఆ తర్వాత అదే ఐపీ నుంచి 4624, అంటే సక్సెస్ లాగిన్, వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. వచ్చి ఉంటే, వెంటనే కొత్త అకౌంట్ తయారైందా (4720), దాన్ని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చారా (4732) అని చూడాలి.

ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. "ఒక సర్వర్ మీద ఒకే అకౌంట్‌కు రాత్రంతా 4625లు వస్తున్నాయి, దాడేనా?" ఇక్కడ నా సపోర్ట్ అనుభవం అక్కరకొచ్చింది. సోర్స్ లోపలి మెషీనా, లాగిన్ టైప్ ఏంటి, ఎంత సమయానికోసారి వస్తున్నాయి అని అడిగాను. టైప్ 4 అయితే షెడ్యూల్డ్ టాస్క్, 5 అయితే సర్వీస్. సరిగ్గా పదిహేను నిమిషాలకోసారి ఒకే లోపలి మెషీన్ నుంచి వస్తుంటే, పాస్‌వర్డ్ మారినా ఏదో టాస్క్ పాతదే వాడుతుండే అవకాశం ఎక్కువ అన్నాను. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎప్పుడు మారిందో, డొమైన్ కంట్రోలర్‌లో 4740 ఏ మెషీన్ పేరు చూపిస్తుందో సరిచూశాకే అలర్ట్ మూసేస్తానని చెప్పాను. లాక్ అయిన అకౌంట్ల కోసం 4740ను సపోర్ట్‌లో ఎన్నోసార్లు వెతికాను కాబట్టి తడుముకోలేదు.

చేరాక పని షిఫ్టుల్లో ఉంటుంది, నైట్ షిఫ్ట్ తప్పదు. అలర్ట్ చదవడం, లాగులు తీయడం, ఏం చూశానో టికెట్‌లో రాయడం, అనుమానం ఉంటే ఎల్2కి పంపడం. చాలా అలర్ట్‌లు మామూలు కారణాలవే. అలవాటై చదవకుండా మూసేయడమే ఇక్కడి ప్రమాదం, అందుకే నేను మూసే ప్రతి టికెట్‌లో ఎందుకు మూశానో ఒక వాక్యమైనా రాస్తాను. ఏడాది, రెండేళ్లు ఇది చేస్తే ఎల్2కి, ఇన్సిడెంట్ రెస్పాన్స్‌కి దారి ఉంటుంది.

ఆఫర్ వచ్చినప్పుడు జీతంతో పాటు ఒక్క విషయం తప్పక అడగండి: ఎల్1కి అసలు లాగుల్లో సొంతంగా వెతికే అనుమతి ఉందా? కొన్ని చోట్ల స్క్రీన్ మీద వచ్చిన అలర్ట్‌ను మెయిల్‌లో పంపడం వరకే ఇస్తారు. అక్కడ ఏడాది ఉన్నా పైన చెప్పినటువంటి ప్రశ్నకు జవాబు చెప్పడంలో చేయి తిరగదు.