మూడు రోజుల జీతం కోత: హెచ్‌ఆర్‌కి రాసిన ఉత్తరం, నా అనుభవం

2025 జులై జీతం స్లిప్పులో ఎల్‌ఓపీ, అంటే జీతం లేని రోజులు, 4 అని ఉంది. ఆ నెల నేను జీతం లేని సెలవు పెట్టింది ఒక్కరోజే, 21వ తేదీ సోమవారం. మిగతా మూడు రోజులు ఏ తేదీలవో స్లిప్పులో ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. అందుకని ఉత్తరం రాసే ముందు టైమ్ ఆఫీసుకి వెళ్లి నా హాజరు రిపోర్టు అడిగి తీసుకున్నాను. ఏ రోజు కోశారో తెలియకుండా జీతం తగ్గిందని రాస్తే, చూస్తామమ్మా అనే జవాబుతో సరిపోతుంది.

నేను పాలకొల్లు నుంచి రోజూ కంపెనీ బస్సులో భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళ్తాను. క్వాలిటీ విభాగంలో పని. రోజంతా ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో తడిసిన వేళ్లు సాయంత్రానికి ముడతలు పడిపోతాయి. పొద్దున్న పట్టిన వేలిముద్రని మిషను సాయంత్రం పట్టదు. రిపోర్టులో 8, 9, 10 తేదీలకి లోపలికొచ్చిన టైము ఉంది, బయటికెళ్లిన టైము లేదు. రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా సాఫ్ట్‌వేర్ ఆ రోజుని గైర్హాజరు కింద వేసేస్తుంది. పీలింగ్ హాల్లో చేసే ఆడవాళ్లలో చాలామందికి ఇదే జరుగుతోంది. వాళ్లలో ఎక్కువమంది స్లిప్పు చూసుకోరు, నా బాధ అదే.

మిషను పట్టనప్పుడు సూపర్‌వైజర్ గారి దగ్గర రిజిస్టర్లో సంతకం పెడతాం. ఆ మూడు రోజులూ పెట్టాను. ఇంకో గట్టి ఆధారం కూడా ఉంది. ప్యాకింగ్ లైను చివర మెటల్ డిటెక్టర్‌ని టెస్ట్ ముక్కలతో గంట గంటకీ పరీక్షించి, షీటులో టైము వేసి సంతకం చేసేది నేనే. ఎగుమతి సరుకు రికార్డు కాబట్టి దాన్ని ఎవరూ కాదనలేరు. హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, అందుకే ఫోటోలు తీయకుండా షీటు తేదీలు, ఆఖరి సంతకం టైము రాసుకున్నాను.

తర్వాత లెక్క. మా కంపెనీలో ఎల్‌ఓపీని నెలలో ఉన్న రోజులతో భాగించి తీస్తారు, జులైకి 31. కొన్ని చోట్ల 26తో భాగిస్తారు. మీ దగ్గర ఏది పాటిస్తున్నారో పాత స్లిప్పు చూసి అదే పద్ధతిలో లెక్కకట్టాలి, లేకపోతే గొడవ అసలు విషయం వదిలేసి భాగహారం మీదకి మళ్లుతుంది. నా బేసిక్, డీఏ కలిపి 13,950, ఇంటి అద్దె భత్యం 4,650, మొత్తం 18,600. అంటే రోజుకి 600. మూడు రోజులకి 1,800.

అయితే చేతికి రావలసింది 1,800 కాదు. జీతం పెరిగితే అందులోంచి పట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా పెరుగుతాయి. అది మనమే లెక్కేసి చూపిస్తే అక్కౌంట్స్ వాళ్లు ఉత్తరాన్ని పక్కన పెట్టలేరు. నేను రాసిన ఉత్తరం ఇది:

> హెచ్‌ఆర్ మేనేజర్ గారికి నమస్కారం.
>
> విషయం: జులై 2025 జీతంలో 3 రోజుల కోత సవరించమని వినతి.
>
> నా జులై స్లిప్పులో జీతం లేని రోజులు 4 అని చూపించారు. 21వ తేదీ ఒక్కరోజు సరైనదే, దానిపై నాకు అభ్యంతరం లేదు. 8, 9, 10 తేదీల్లో నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వేలిముద్ర పడక బయటికెళ్లిన టైము నమోదు కాలేదు. ఆ మూడు రోజుల సూపర్‌వైజర్ రిజిస్టరు, మెటల్ డిటెక్టర్ షీట్లలో నా సంతకాలు ఉన్నాయి, దయచేసి పరిశీలించగలరు.
>
> ఇచ్చినది, 27 రోజులకు: మొత్తం 16,200. పీఎఫ్ 1,458, ఈఎస్‌ఐ 122, వృత్తి పన్ను 150 పోను 14,470.
>
> రావలసినది, 30 రోజులకు: మొత్తం 18,000. పీఎఫ్ 1,620, ఈఎస్‌ఐ 135, వృత్తి పన్ను 150 పోను 16,095.
>
> తేడా: నాకు చెల్లించవలసినది 1,625. నా వాటాగా పీఎఫ్‌కి 162, ఈఎస్‌ఐకి 13 జమ కావాలి. కంపెనీ వాటా కూడా ఆ మేరకు జమ చేయించగలరు.
>
> హాజరులో ఆ మూడు రోజులు సరిచేసి, జులై నెలకే సవరించిన స్లిప్పు ఇప్పించమని కోరుతున్నాను.

కింద పేరు, ఉద్యోగి నంబరు, విభాగం, తేదీ. స్లిప్పు, హాజరు రిపోర్టు కాపీలు జతచేశాను. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాను. 21వ తేదీ మాట ఉత్తరంలో ముందే రాయడం కావాలనే చేశాను. సరైన కోతని ఒప్పుకున్నాకే తప్పు కోత గురించి చెప్పే మాటకి బలం వస్తుంది.

హెచ్‌ఆర్ మేడమ్ గారు మంచిగానే మాట్లాడారు. “రిజిస్టరు చూశానమ్మా, నువ్వు వచ్చావు. వచ్చే నెల ఇన్సెంటివ్ కింద 1,625 వేసేస్తాం, సరేనా?” అన్నారు. చాలామంది ఇక్కడ సరేనండి అనేసి వచ్చేస్తారు. నేను ఒప్పుకోలేదు.

ఇన్సెంటివ్ అని వేస్తే డబ్బు చేతికొస్తుంది, రికార్డు మాత్రం తప్పుగానే ఉండిపోతుంది. పీఎఫ్ రిటర్నులో ఎన్‌సీపీ రోజులు అని ఒక గడి ఉంటుంది, జీతం లేని రోజులు అందులో ఎక్కుతాయి. పింఛను సర్వీసు లెక్కేసేటప్పుడు అవి పనికొస్తాయి, మనకి నష్టంగా. నా వాటా 162తో పాటు కంపెనీ వేయవలసిన 162 కూడా రాదు. ఈఎస్‌ఐలో జబ్బు సెలవు భత్యం రావాలంటే ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి. నాకు ఆ లోటు లేదు గానీ, సీజన్లో మాత్రమే పని దొరికే పీలింగ్ వాళ్లకి మూడు రోజులు కూడా పెద్ద లెక్కే.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ 1,800ని ఆగస్టు జీతంలో కలిపితే ఆ నెల మొత్తం 20,400 అవుతుంది. మన రాష్ట్రంలో నెలకి 20 వేలు దాటితే వృత్తి పన్ను 150 కాదు, 200. సాఫ్ట్‌వేర్ దానంతటది ఇంకో 50 పట్టేస్తుంది. నేను పని చేసింది జులైలో కాబట్టి జులై స్లిప్పే మార్చండి మేడమ్, అని అడిగాను. ఆవిడ అక్కౌంటెంట్ గారిని పిలిపించారు. ఆయన ఉత్తరంలో అంకెలు ఒక్కొక్కటీ కాలిక్యులేటర్ మీద వేసి చూసి, “ఆయ్, లెక్క సరిపోయిందండి. జులైకి విడిగా రిటర్ను వేయాలి, కొంచెం టైము పడుతుంది” అన్నారు.

ఆగస్టు జీతానికి ముందే సవరించిన స్లిప్పు వచ్చింది. అందులో ఎల్‌ఓపీ 1, చేతికి 16,095 అని ఉంది. 1,625 బ్యాంకులో పడింది. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే మాత్రం జులైకి ఇంకా పాత 1,458 ఒక్కటే కనిపించింది. మళ్లీ అక్కౌంటెంట్ గారిని అడిగాను. తర్వాత జులై జీతం పేరునే 162తో ఇంకో వరుస చేరింది, కంపెనీ వాటా కూడా దాని పక్కనే ఉంది.

వేలిముద్ర పడని రోజుల జాబితా సూపర్‌వైజర్ సంతకంతో ప్రతి నెలా జీతాలు వేయకముందే టైమ్ ఆఫీసుకి పంపాలని ఇంకో ఉత్తరం ఇచ్చాం. ఈసారి పీలింగ్ హాలు వాళ్లు కూడా సంతకాలు పెట్టారు. ఇప్పుడు ఆ జాబితా వెళ్తోంది.